బిల్లు వచ్చింది, గల్లా తెరుచుకోలేదు: కేబుల్, తాళం దగ్గర ఏం చూడాలి

సమస్య: కౌంటర్లో బిల్లు కొట్టారు. ప్రింటర్ నుంచి కాగితం బయటికి వచ్చింది, క్యాష్ డ్రాయర్ మాత్రం కదల్లేదు. కస్టమర్ చిల్లర కోసం నిలబడి ఉంటే టెన్షన్ తప్పదు. ముందు తాళంచెవితో తెరిచి చిల్లర ఇచ్చేయండి, తర్వాత తీరిగ్గా చూడవచ్చు.

చాలా షాపుల్లో డ్రాయర్‌ను తెరిచేది కంప్యూటర్ కాదు, బిల్లు ప్రింటర్. బిల్లుతో పాటు సాఫ్ట్‌వేర్ ఒక చిన్న కమాండ్ పంపుతుంది. ప్రింటర్ దాన్ని అందుకుని సన్నటి కేబుల్ గుండా క్షణకాలం 24 వోల్టుల కరెంటు వదులుతుంది. డ్రాయర్ లోపలి కాయిల్ ఆ కరెంటుకి గొళ్ళేన్ని లాగుతుంది, స్ప్రింగ్ డ్రాయర్‌ను బయటికి తోస్తుంది. అందుకే మొదటి పరీక్ష చెవితోనే. బిల్లు వస్తున్నప్పుడు డ్రాయర్ మీద చెయ్యి పెట్టి వినండి. లోపల ‘టక్’ మని శబ్దం వచ్చిందా, లేదా?

శబ్దం వస్తోంది, తెరుచుకోవడం లేదు

కరెంటు అందుతోందన్న మాట, కేబుల్ జోలికి వెళ్ళక్కర్లేదు. తాళం చూడండి. చాలా డ్రాయర్ల తాళానికి మూడు స్థానాలుంటాయి: పూర్తిగా లాక్, ప్రింటర్‌తో తెరుచుకునే మామూలు స్థానం, చేత్తో తెరిచే స్థానం. లాక్‌లో ఉంటే కాయిల్ ఎంత కొట్టుకున్నా డ్రాయర్ బయటికి రాదు. రాత్రి షాపు కట్టేటప్పుడు లాక్ చేసి, పొద్దున తిప్పడం మర్చిపోతే జరిగేది ఇదే. ఏ స్థానం ఎటువైపో కంపెనీని బట్టి మారుతుంది, కాబట్టి తాళం చుట్టూ ఉన్న గుర్తులు చూసి తిప్పండి.

తాళం సరిగానే ఉంటే, చేత్తో తెరిచే స్థానానికి తిప్పి లాగి చూడండి. అప్పుడూ బిగుసుకుపోతే నోటో నాణెమో ట్రే వెనక్కి జారి అడ్డం పడి ఉంటుంది. కొన్ని మోడల్స్‌కి అడుగున అత్యవసరంగా తెరిచే మీట ఉంటుంది. ఎలాగో తెరిచాక ట్రే పూర్తిగా తీసి వెనక మూల శుభ్రం చేయండి. స్క్రూడ్రైవర్‌తో ముందు నుంచి పెకిలించవద్దు, గొళ్ళెం వంగితే తర్వాత సరిగ్గా మూసుకోదు.

శబ్దమే రావడం లేదు

ఇక్కడే అనుమానం కేబుల్ మీదికి వెళ్ళాలి. ఒక కిరాణా షాపులో జరిగింది ఇది. కౌంటర్ తుడిచి సామాన్లు మళ్ళీ సర్దిన రోజు నుంచి డ్రాయర్ పని చేయలేదు. బిల్లులు మాత్రం చక్కగా వస్తున్నాయి. ప్రింటర్ వెనక చూస్తే డ్రాయర్ ప్లగ్ పక్కనున్న LAN పోర్టులో ఉంది. ఆ ప్లగ్ LAN ప్లగ్ కన్నా చిన్నది కాబట్టి అందులో దూరుతుంది, కానీ వదులుగా ఆడుతుంది. తీసి ‘DK’ అని లేదా డ్రాయర్ బొమ్మతో ఉన్న పోర్టులో ‘క్లిక్’ మనేదాకా నొక్కగానే, తర్వాతి బిల్లుకి డ్రాయర్ తెరుచుకుంది.

మీ దగ్గర ప్లగ్ సరైన చోటే ఉంటే, ప్రింటర్ ఆపేసి రెండు చివర్లూ తీసి చూడండి. ప్లగ్ మీది ప్లాస్టిక్ నాలుక విరిగితే మెల్లగా ఊడివస్తుంది. డ్రాయర్ అడుగున కేబుల్ నలిగి ఉందేమో కూడా చూడండి. ఫోన్ తీగలా కనిపించినా దాని బదులు ఫోన్ తీగ వాడకండి, లోపలి తీగల వరుస వేరుగా ఉండవచ్చు. ఆ పోర్టులో ఫోన్ లైన్ అసలే పెట్టకూడదు, ప్రింటర్ పాడవుతుంది.

కేబుల్ బాగుంటే కమాండ్ వెళ్తోందో లేదో తేల్చాలి. విండోస్‌లో ప్రింటర్‌ని `POS` పేరుతో షేర్ చేసి, `C:\temp` ఫోల్డర్ ఉంచుకుని, పవర్‌షెల్‌లో ఇది ఇవ్వండి:

```
[IO.File]::WriteAllBytes("C:\temp\kick.bin", [byte[]](27,112,0,25,250))
cmd /c copy /b C:\temp\kick.bin \\localhost\POS
```

ESC/POS భాష అర్థం చేసుకునే ప్రింటర్లకే ఇది పనిచేస్తుంది. డ్రాయర్ తెరుచుకుంటే కేబుల్, తాళం, ప్రింటర్ మూడూ బాగున్నట్టే, తప్పు సెట్టింగ్‌లో ఉంది. డ్రైవర్‌లోనో బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లోనో క్యాష్ డ్రాయర్ ఆప్షన్ వెతికి ఆన్ చేయండి. యూపీఐ బిల్లుకి తెరవకుండా, నగదు బిల్లుకే తెరిచేలా పెట్టిన షాపులు కూడా ఉంటాయి, కాబట్టి ఏ రకం బిల్లుతో పరీక్షిస్తున్నారో గమనించండి.

తెరుచుకోకపోతే, కోడ్‌లో మూడో అంకె 0 బదులు 1 పెట్టి మళ్ళీ పంపండి. కొన్ని డ్రాయర్లకి కరెంటు రెండో లైన్ మీద కావాలి. వెంటవెంటనే పదేపదే పంపితే కాయిల్ వేడెక్కుతుంది, ప్రతిసారీ కొన్ని సెకన్లు ఆగండి.

అప్పటికీ ఉలుకూ పలుకూ లేకపోతే, అదే కేబుల్ రకానికీ 24 వోల్టులకీ సరిపోయే మరో డ్రాయర్ దొరికితే ఆ ప్రింటర్‌కే తగిలించండి. అది తెరుచుకుంటే మీ కేబుల్‌నో కాయిల్‌నో మార్చాలి. అదీ తెరుచుకోకపోతే రిపేరుకి పంపాల్సింది ప్రింటర్‌ని.