తక్కువ రేటింగ్ మీద ఫిర్యాదు పెట్టేముందు: క్లయింటుకి మెసేజ్ కొట్టకండి

పోయిన నెల గుంటూరు బ్రాడీపేటలో ఉండే ఒక డిజైనర్ అమ్మాయి ఖాతాను ఫ్రీలాన్స్ సైట్ వాళ్లు మూసేశారు. ఆమె చేసింది మిరప్పొడి ప్యాకెట్ల లేబుళ్ల పని. మూడు సైజులు, రెండుసార్లు మార్పులు, 18,000 రూపాయలు అని ఒప్పందం. మూడూ అప్పగించాక క్లయింటు నాలుగో సైజు అడిగాడు. దానికి వేరే డబ్బులవుతాయంది. "ఇవ్వకపోతే రేటింగ్ ఎలా ఉంటుందో చూసుకో" అని సైట్ చాట్‌లోనే రాశాడు. అన్నట్టే ఒక్క స్టార్ ఇచ్చి, పని ఆలస్యమైందని డిస్ప్యూట్ వేశాడు. సైట్ వాళ్లు ఆమె ఫైళ్లు చూసిన జాడే లేదు, డబ్బు వెనక్కి ఇచ్చేశారు.

ఇక్కడిదాకా న్యాయం ఆమె వైపే ఉంది. ఆ రాత్రి క్లయింటుకి ఒక్క మెసేజ్ పెట్టింది: "సార్, నాలుగోది ఊరికే చేసిస్తాను, అయిదు స్టార్లు చేయండి." అతను దాన్ని స్క్రీన్‌షాట్ తీసి సపోర్ట్‌కి పంపాడు.

పెద్ద సైట్లు చాలావాటిలో డబ్బో, పనో ఎర చూపి రేటింగ్ మార్పించుకోవడం నిబంధనల ఉల్లంఘన. ఆ రేటింగ్ అన్యాయమైనదా కాదా అని ఎవరూ చూడరు. అదే నిబంధన క్లయింటుకీ వర్తిస్తుంది. ఒప్పందంలో లేని పని కోసం స్టార్లతో బెదిరించడమూ ఉల్లంఘనే. అంటే ఆ అమ్మాయి చేతిలో గెలిచే కాగితం ఉంది, బేరం పెట్టి దాన్ని తనే చెడగొట్టుకుంది. విజయవాడలోనూ ఇలా పోగొట్టుకున్నవాళ్లను చూశాను. తక్కువ రేటింగ్ వల్ల పోయిన ఖాతాల కన్నా, దాన్ని మార్చమని బతిమాలి పోగొట్టుకున్నవే నాకు ఎక్కువ కనిపించాయి. రేటింగ్ మార్చమని అడగడానికి సైట్‌లోనే బటన్ ఉంటే అది నొక్కండి. అంతకు మించి ఒక్క అక్షరం వద్దు.

ఇక ఫిర్యాదు సంగతి. రేటింగ్‌దీ డిస్ప్యూట్‌దీ విడివిడిగా పెట్టండి. రెండూ కలిపి రాస్తే చదివేవాడు తేలికైనదానికి జవాబిచ్చి మూసేస్తాడు. రేటింగ్ ఫిర్యాదులో "అన్యాయం" అని రాసి లాభం లేదు, క్లయింటు అభిప్రాయం అతనిష్టం అంటారు. ఏ నిబంధన తప్పాడో రాసి, బెదిరింపు మెసేజ్ తేదీ, సమయం చూపించండి.

డిస్ప్యూట్ ఫిర్యాదుకి ముందు స్పామ్ ఫోల్డర్ వెతకండి. ఆధారాలు పంపమని గడువు పెట్టిన మెయిల్ అక్కడ పడి ఉంటే "ఆధారాలు చూడలేదు" అనే మాట నిలబడదు. అప్పుడు మెయిల్ ఆలస్యంగా చూశామని ఒప్పుకుని, ఇప్పుడైనా పరిశీలించమని అడగాలి.

సమయాల దగ్గరా జాగ్రత్త. సైట్ రికార్డులు చాలాసార్లు UTC అనే ప్రపంచ ప్రామాణిక సమయంలో ఉంటాయి, మన గడియారం దానికన్నా 5 గంటల 30 నిమిషాలు ముందు. గడువు 14వ తేదీ అనుకుందాం. మీరు గుంటూరులో 15 తెల్లవారుజామున 2:10కి ఫైలు పెట్టారు. UTC ప్రకారం అది 14 రాత్రి 8:40. గడువును సైట్ ఏ గడియారంతో లెక్కిస్తుందో చూసుకుని, రెండు సమయాలూ పక్కపక్కనే రాయండి.

రాసేది ఇంగ్లీషులోనైనా సారం ఇలా ఉంటే చాలు:

"నమస్కారం. ఫలానా నంబరు డిస్ప్యూట్‌లో నిర్ణయం వచ్చింది. మూడు ఫైళ్లూ ఫలానా సమయానికి సైట్‌లోనే అప్పగించాను, స్క్రీన్‌షాట్ జతచేశాను. నిర్ణయానికి ఏ ఆధారాలు చూశారో తెలియజేయగలరు. ఈ ఫైళ్లు పరిశీలనలోకి రాకపోయి ఉంటే దయచేసి మరోసారి చూడగలరు."

ఇంట్లో కష్టాలు, ఈఎంఐలు ఇందులో రాయకండి. డబ్బు క్లయింటుకి చేరిపోయాక కేసు గెలిచినా అది తిరిగి రాకపోవచ్చు. అందుకే అడిగేది స్పష్టంగా ఉండాలి: డబ్బా, రేటింగ్ తొలగింపా, రికార్డు సవరణా?

మిగతావి వరసగా చెప్పేస్తాను.

పని అప్పగించేది సైట్‌లోని సబ్మిట్ బటన్‌తోనే, వాట్సాప్‌లో కాదు.

డ్రైవ్ లింక్ మాత్రమే ఇవ్వకండి, ఫైలు కూడా అప్‌లోడ్ చేయండి. లింక్ తెరుచుకోలేదంటే మీ దగ్గర జవాబుండదు.

అప్పగించిన ఫైళ్లను కోపంతో తీసేయకండి.

చాట్ మొత్తం ఇవాళే సేవ్ చేసుకోండి. ఖాతా మూసేస్తే చాట్ కూడా అందకపోవచ్చు.

స్క్రీన్‌షాట్ కత్తిరించకండి, తేదీ కనపడాలి.

ఒకే విషయానికి నాలుగు టికెట్లు తెరవకండి. జవాబు రాకపోతే పాత టికెట్‌లోనే అడగండి.

రెండో ఖాతా తెరవకండి.

స్నేహితులతో దొంగ ఆర్డర్లు పెట్టించి స్టార్లు పెంచుకోకండి.

క్లయింటు పేరు, ఫోన్ నంబరు ఫేస్‌బుక్‌లో పెట్టకండి.

క్లయింటే ఫోన్ చేసి "కొంచెం డబ్బిస్తే మారుస్తా" అంటే ఒప్పుకోకండి. సైట్ చాట్‌లో రాయమనండి. రాస్తే ఆ మెసేజ్‌ని సపోర్ట్‌కి పంపండి, అతనికి మాత్రం బదులివ్వకండి.