పీఎఫ్‌లో రెండున్నర లక్షలు దాటిన వాటా: పన్ను పడే వడ్డీని లెక్కగట్టి రిటర్నులో చూపే విధానం

ఒడిశాలోని రాయగడలో ఫ్యాక్టరీ ఉద్యోగం చేసే మా పక్కింటి ఇంజినీరు జూలైలో పాస్‌బుక్ ప్రింటు పట్టుకుని వచ్చాడు. "బాబాయ్, నా పీఎఫ్‌లోంచి వెయ్యి రూపాయలు టీడీఎస్ కోశారు. పీఎఫ్ మీద పన్నేమిటి?" అన్నాడు. మూల వేతనం, డీఏ కలిపి నెలకు రెండు లక్షలు. 12 శాతం కింద 24,000 తప్పనిసరి కోత, అదనంగా తనంతట తాను వీపీఎఫ్ 6,000. మొత్తం నెలకు 30,000. అతని లెక్కనే ఇక్కడ పెడుతున్నాను.

2021 ఏప్రిల్ 1 నుంచి ఉద్యోగి సొంత వాటా ఏడాదికి 2,50,000 దాటితే, దాటిన భాగం మీద వచ్చే వడ్డీకి పన్ను ఉంది. యజమాని వాటా ఈ లెక్కలోకి రాదు, దానికి ఏడున్నర లక్షల పరిమితి వేరే ఉంది. యజమాని వాటా అసలు లేని ఫండ్ అయితే, ఉదాహరణకు ప్రభుత్వోద్యోగుల జీపీఎఫ్, పరిమితి 5,00,000. పన్ను వడ్డీ మీదే, అసలు మీద కాదు. పాత పన్ను విధానమా కొత్తదా అన్నదాంతో ఈ వడ్డీకి సంబంధం లేదు.

ఆదాయపు పన్ను నిబంధనల్లోని రూల్ 9డి ప్రకారం మీ ఖాతాను లోపల రెండుగా విడదీస్తారు. 2021 మార్చి 31 నాటి నిల్వ, ఆ తర్వాత ఏటా రెండున్నర లక్షల వరకు పడిన వాటా, వాటి వడ్డీ ఒక ఖాతా. ఇది పన్ను లేనిది. పరిమితి దాటిన సొమ్ము, దాని మీద వచ్చిన వడ్డీ రెండో ఖాతా. ఈ రెండో ఖాతా సంవత్సరాంతంలో సున్నా కాదు. అందులో పడిన డబ్బు మీద వచ్చే ఏడాదీ, ఆ పై ఏడాదీ వచ్చే వడ్డీకి కూడా పన్ను పడుతూనే ఉంటుంది. మావాడు బోల్తా పడింది ఇక్కడే.

లెక్కకు ముందు passbook.epfindia.gov.in తెరిచి ఆ ఏడాది పాస్‌బుక్ దించుకోండి. ఉద్యోగి వాటా గడి మాత్రమే చూడండి. ఏప్రిల్‌లో పడిన జమ సాధారణంగా మార్చి జీతానిది, కాబట్టి జీతం స్లిప్పు పక్కన పెట్టి పాస్‌బుక్‌లోని నెలలనే పట్టుకోండి. పాస్‌బుక్ చివర Taxable Data పేరుతో పీఎఫ్ ఆఫీసు వేసిన లెక్క ఉంటే, మీరు కట్టే లెక్కను దానితో సరిపోల్చుకోవచ్చు.

మావాడి 2023-24 చూద్దాం. వడ్డీ రేటు 8.25 శాతం. ఏప్రిల్ నుంచి నవంబర్ వరకు ఎనిమిది నెలల్లో 2,40,000 పడింది. డిసెంబర్ జమలో తొలి 10,000తో పరిమితి నిండింది, మిగిలిన 20,000 పన్ను ఖాతాలోకి పోయింది. ఆ తర్వాత జనవరి, ఫిబ్రవరి, మార్చి జమలు 30,000 చొప్పున పూర్తిగా అందులోకే. ఏడాది మొత్తం 3,60,000, పరిమితి దాటింది 1,10,000.

ఇక వడ్డీ. పీఎఫ్‌లో ఒక నెల పడిన సొమ్ముకు మరుసటి నెల నుంచి వడ్డీ మొదలవుతుంది. అందుకని డిసెంబర్ చివర ఉన్న 20,000కు జనవరి వడ్డీ, జనవరి చివరి 50,000కు ఫిబ్రవరి వడ్డీ, ఫిబ్రవరి చివరి 80,000కు మార్చి వడ్డీ. మార్చి జమకు ఈ ఏడాదిలో ఏమీ రాదు.

```
(20000 + 50000 + 80000) × 8.25 / 1200 = 1031
```

అంటే మొదటి ఏడాది పన్ను పడే వడ్డీ 1,031 రూపాయలే. చాలామంది 1,10,000ను నేరుగా 8.25 శాతంతో గుణించి 9,075 అని చూపించేస్తుంటారు. అది ఏడాది పొడుగునా ఆ డబ్బు ఖాతాలో ఉన్నట్టు లెక్క. ఆ 1,031 మీద టీడీఎస్ ఉండదు, ఎందుకంటే 2025 మార్చి వరకు 5,000 దాటితేనే కోసేవారు. టీడీఎస్ లేనంత మాత్రాన పన్ను లేదని కాదు, రిటర్నులో చూపాల్సిందే. ఇతను చూపలేదు. తెలియదన్నాడు.

2024-25లో జీతం, రేటు రెండూ అవే అనుకుందాం. పన్ను ఖాతా తెరుచుకునేదే 1,10,000కు 1,031 కలిపి 1,11,031తో. దానికి పూర్తి ఏడాది వడ్డీ 9,160. కొత్తగా దాటిన 1,10,000 మీద మళ్లీ 1,031. మొత్తం 10,191. ఐదు వేలు దాటింది కాబట్టి 10 శాతం, అంటే 1,019 టీడీఎస్. అతను మోసుకొచ్చిన వెయ్యి ఇదే. ముప్పై శాతం శ్లాబులో, యాభై లక్షల లోపు ఆదాయంలో ఉన్నాడు. సెస్సుతో 31.2 శాతం లెక్కన పన్ను 3,180 వస్తుంది. కోసింది పోను ఇంకా 2,161 కట్టాలి.

"అయితే వీపీఎఫ్ ఆపేస్తా" అన్నాడు వెంటనే. ఆపినా తప్పనిసరి వాటా ఏడాదికి 2,88,000 అవుతుంది, ఇంకా 38,000 దాటుతుంది. 12 శాతం కోత మీద లెక్కేస్తే నెల జీతం సుమారు 1,73,600 దాటినవాళ్లకు వీపీఎఫ్ లేకపోయినా ఇదే పరిస్థితి. పైగా 2,31,222కు చేరిన ఆ పాత పన్ను ఖాతా అలాగే వడ్డీ తెస్తూ ఉంటుంది. పన్ను పోను మిగిలే రాబడి ఇతర పొదుపులతో పోల్చుకుని నిర్ణయించుకోమన్నాను. నా మటుకు నేనైతే ఆపను, కానీ అది నా సొంత లెక్క.

రిటర్నులో ఇలా చూపాలి. ముందు ఆదాయపు పన్ను పోర్టల్‌లో పన్ను కోతలు చూపే 26ఏఎస్, ఆదాయ వివరాలు చూపే ఏఐఎస్ రెండూ తెరిచి పీఎఫ్ వడ్డీ, టీడీఎస్ పడ్డాయేమో చూడండి. తర్వాత రిటర్నులోని ఇతర ఆదాయాల షెడ్యూల్‌లో పీఎఫ్ వడ్డీకి విడిగా వరసలు ఉంటాయి. ఈపీఎఫ్ అయితే సెక్షన్ 10(12) మొదటి ప్రొవైజో పేరున్న వరసలో రాయాలి. బ్యాంకు వడ్డీలో కలిపేయకండి. కోసిన టీడీఎస్ టీడీఎస్ షెడ్యూల్‌లో ఉందో లేదో కూడా చూడండి, వడ్డీ చూపిన ఏడాదిలోనే దాన్ని క్లెయిమ్ చేసుకోవాలి. 2026 ఏప్రిల్ 1 నుంచి కొత్త ఆదాయపు పన్ను చట్టం అమల్లోకి వచ్చింది, కాబట్టి ఈ సెక్షన్, రూల్ నంబర్లు 2025-26 ఆదాయం వరకే.

పాన్ సంగతి మా ప్రాంతంలో ప్రత్యేకంగా చెప్పాలి. పీఎఫ్ సభ్యుడి నంబరైన యూఏఎన్‌కు పాన్ జతపడకపోతే కోత 10 కాదు, 20 శాతం. ఇక్కడ తెలుగువాళ్ల స్కూలు సర్టిఫికెట్లో ఇంటిపేరు ముందుంటుంది, ఒడిశా పద్ధతిలో రాసిన కాగితాల్లో చివరకు పోతుంది. ఆధార్‌లో ఒకలా, పాన్‌లో ఇంకోలా పడితే కేవైసీ తిరస్కరణే. రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వైపు ఈ తిప్పలు పడనివాళ్లు తక్కువ. పీఎఫ్ మెంబర్ పోర్టల్‌లో Manage మెనూలోని KYC తెరిచి పాన్ ఆమోదం పొందిందో లేదో చూడండి. లేకుంటే ముందు పేరు సరిచేసుకోవాలి. అందుకు అక్కడే Joint Declaration పెట్టి, అవసరమైతే యజమాని ఆమోదం తీసుకోవాలి.

సొంత పీఎఫ్ ట్రస్టు ఉన్న కంపెనీ నుంచి ఉద్యోగం మారినవాళ్లు మరో కాగితం అడిగి తీసుకోండి. బదిలీ అయిన సొమ్ములో పన్ను ఉన్న భాగమెంత, లేని భాగమెంత అని విడిగా రాసిన పత్రం అది. 2025 ఏప్రిల్‌లో మార్చిన ఫారం 13 విధానంలో ఈ విభజనకు వీలు ఉంది. అది లేకపోతే కొత్త చోట పన్ను ఖాతా ఎంతతో మొదలవ్వాలో ఎవరికీ తెలియదు, పైన మనం వేసిన రెండో ఏడాది లెక్క అక్కడే ఆగిపోతుంది.