మనిషిని ‘చీప్’ అనకండి

బెంగళూరు ఆఫీసుల్లో తోటి ఉద్యోగి పొదుపును మెచ్చుకుంటూ ఇంగ్లీషులో నాలుగు మాటలు రాయాల్సి వస్తే, మనిషికి ‘చీప్’ అనే మాట తగిలించకండి. వస్తువు చీప్ అంటే ధర తక్కువని. మనిషి చీప్ అంటే అమెరికా వాళ్లకు పిసినారి అని వినిపిస్తుంది. మనవాళ్లకైతే ఇంకా ఘోరం, లేకిగా ప్రవర్తించే మనిషని.

‘స్టింజీ’ కూడా అంతే. మా టీమ్‌లో ఒక తెలుగమ్మాయి తన సీనియర్‌ని మెచ్చుకుంటూ ‘స్టింజీ విత్ సర్వర్స్’ అని రాసింది. రాత్రిళ్లు ఎవరూ వాడని టెస్ట్ సర్వర్లను ఆపించి ఆయన బిల్లు తగ్గించారు. చదివే మేనేజర్‌కి మాత్రం, టీమ్ అడిగింది కూడా ఇవ్వడని అర్థమవుతుంది. ‘థ్రిఫ్టీ’ అని మార్పించి, సర్వర్లు ఆపించిన సంగతి కూడా పక్కనే రాయించాను.

ఏ మాట వాడాలో తేల్చుకోవాలంటే, ఆ డబ్బు మిగలడం వల్ల ఎవరికి లోటు వచ్చిందో చూడండి. ఎవరికీ ఇబ్బంది లేకుండా మిగిలిస్తే థ్రిఫ్టీ, అంటే మన పొదుపరి. ఇవ్వాల్సిన చోట ఇవ్వకుండా మిగిలిస్తే స్టింజీ. అప్పటికీ అనుమానంగా ఉంటే, ఇంగ్లీషు నేర్చుకునేవారి కోసం వేసిన డిక్షనరీలో చూడండి. చాలా మాటల పక్కన approving అనో disapproving అనో గుర్తు ఉంటుంది.

‘ఫ్రూగల్’తో కొంచెం జాగ్రత్త. మనిషికి వాడితే పొదుపుగా ఉంటారని, ఎక్కువగా మెప్పే. భోజనానికి వాడితే అంతంతమాత్రపు తిండి అని, కాబట్టి విందుకు పిలిచినవాళ్లకు థాంక్స్ చెబుతూ ఆ మాట రాయకండి.