మా బొటిక్ ట్యాగ్‌లైన్ మార్చిన తీరు

బొటిక్ తెరిచిన కొత్తలో బోర్డు మీద ‘మొదటిసారే చక్కని ఫిట్టింగ్, మీ అందానికి మా హామీ’ అని రాయించాను. ఒక నెల ఆర్డర్ల పుస్తకం తిరగేస్తే, కుట్టిన 40 బ్లౌజుల్లో 11 చంక దగ్గర బిగుతనో, భుజం జారుతోందనో ఆల్టరేషన్‌కు తిరిగి వచ్చినట్టు కనిపించింది. అంటే ఆ మాట నిజం కాదు. పైగా దాన్ని పూర్తిగా గుర్తుపెట్టుకుని చెప్పగలిగినవారు ఒక్కరూ లేరు.

అయితే అలా తిరిగి తెచ్చినవారిలో చాలామంది మళ్లీ మా దగ్గరికే వచ్చారు. కారణం అడిగితే, విసుక్కోకుండా సరిచేసి ఇస్తారని చెప్పారు. ఆ జవాబులోంచే ‘సరిపోయేదాకా సరిచేస్తాం’ అన్న రెండు మాటలు పుట్టాయి. రెండూ ‘సరి’తోనే మొదలవుతాయి కనుక నోటికి పట్టుకుంటాయి. కొందరికి ఒక్కసారి వినిపించి, ట్రయల్‌కు వచ్చినప్పుడు అడిగితే, ఎక్కువమంది తడుముకోకుండా చెప్పారు.

ఆ మాట నిలబడాలంటే కుట్టు లోపల అదనపు గుడ్డ ఉండాలి కాబట్టి, ఇప్పుడు పక్క కుట్లలో రెండు వైపులా అంగుళం చొప్పున మార్జిన్ వదిలి కత్తిరిస్తున్నాం. గుడ్డ చాలనప్పుడు ఎంతవరకు వదులు చేయగలమో ఆర్డరు తీసుకునేటప్పుడే చెబుతున్నాం.