భక్తి ఛానల్ పాత వీడియోలు సర్దుకుందాం – 3వ పాఠం: సిరీస్‌కి పేరు, నంబరు

కిందటి పాఠంలో ఛానల్‌లో ఉన్న వీడియోలన్నీ ఒక షీట్‌లో వరసకి దించుకున్నాం. ఇప్పుడు ఆ షీట్ ముందు పెట్టుకుని టైటిల్స్ కాలమ్ ఒక్కసారి పైనుంచి కిందికి చదవండి. ఏళ్ల తరబడి నడిచిన ఏ ప్రవచనం ఛానల్ తీసుకున్నా ఇలాంటివే కనిపిస్తాయి: ‘భగవద్గీత ప్రవచనం 34వ రోజు’, ‘శ్రీమద్భగవద్గీత పార్ట్ 35’, ‘గీతా ప్రవచనం డే 36 లైవ్’, ‘గురువారం ప్రవచనం’. నాలుగూ ఒకే ప్రవచనం, ఒకే వక్త, ఒకే హాలు. అప్‌లోడ్ చేసిన మనుషులు మారారు, అంతే.

పేర్లు ఒక దారికి తేవడం తేలిక. చిక్కంతా ‘34వ రోజు’ దగ్గరే. వినేవాడు 34వ రోజు కోసం వెతకడు. స్థితప్రజ్ఞ లక్షణాలు ఎక్కడ చెప్పారో వెతుకుతాడు. పైగా రోజు లెక్క నిలవదు. మధ్యలో శివరాత్రి ప్రత్యేక ప్రసంగం వచ్చిందనుకోండి, దానికి నంబరు ఇవ్వాలా వద్దా? ఒక రోజు రికార్డింగ్ పోతే? రెండేళ్ల తర్వాత అదే గీత మళ్లీ మొదలుపెడితే రెండో ‘34వ రోజు’ పుట్టుకొస్తుంది. అందుకే నంబరు క్యాలెండర్ నుంచి కాకుండా గ్రంథం నుంచే తీసుకోవాలి. గీతకి అధ్యాయం, శ్లోకం. సుందరకాండకి సర్గ, ఎలాగూ 68 ఉన్నాయి. పోతన భాగవతానికి స్కంధం, ఘట్టం. ఈ చిరునామా ఎవరూ మార్చలేనిది.

అచ్చంగా మార్చలేనిది అనడానికి గీతలోనే ఒక మినహాయింపు ఉంది. పదమూడో అధ్యాయం మొదట్లో ‘ప్రకృతిం పురుషం చైవ’ అని అర్జునుడి ప్రశ్న కొన్ని ప్రతుల్లో ఉంటుంది, కొన్నింటిలో ఉండదు. ఉన్న ప్రతిలో ఆ అధ్యాయానికి 35 శ్లోకాలు, లేని ప్రతిలో 34. అంటే ‘ఇదం శరీరం కౌంతేయ’ ఒక పుస్తకంలో 13.1, ఇంకో పుస్తకంలో 13.2. అక్కడి నుంచి అధ్యాయం చివరిదాకా ఒక్కో అంకె జరుగుతుంది. కాబట్టి వక్త చేతిలో ఏ ప్రతి ఉందో చూసి, దాని లెక్కే తీసుకుని, ఆ సంగతి ప్లేలిస్ట్ డిస్క్రిప్షన్‌లో ఒక వాక్యంగా రాసేయండి. లేకపోతే ‘నంబరు తప్పు’ అని కామెంట్లు వస్తూనే ఉంటాయి, మీరు దిద్దుతూనే ఉంటారు.

ఇక టైటిల్ కట్టుబడి. నేను వాడమనేది ఇది:

```
స్థితప్రజ్ఞుడు ఎవరు? | భగవద్గీత 02.54-58 | 2019
```

విషయం ముందు, సిరీస్ పేరు తర్వాత. చాలామంది సిరీస్ పేరుతో మొదలుపెడతారు. అప్పుడు ఫోన్‌లో లిస్టు చూస్తే అన్నీ ఒకేలా కనబడి, అసలు సంగతి మూడు చుక్కల వెనక్కి పోతుంది. అధ్యాయం నంబరుకి ముందు సున్నా ఎందుకంటే, షీట్‌లో వరస పెట్టినప్పుడు 10 వచ్చి 2 కంటే ముందు కూర్చోకుండా. చివరి సంవత్సరం ఆ ఆవృత్తి, అంటే గ్రంథం మొదటినుంచి చెప్పుకొచ్చిన ఆ విడత, మొదలైన ఏడాది. వీడియో ఎక్కించిన తేదీ అక్కడ పెట్టకండి. 2019లో మొదలైన గీత 2021 దాకా సాగినా అన్నిటికీ 2019 అనే ఉంటుంది, 2023లో మళ్లీ చెబితే అది వేరే సిరీస్.

టైటిల్‌కి యూట్యూబ్ ఇచ్చేది 100 అక్షరాలు. తెలుగులో అవి అనుకున్నదానికంటే త్వరగా అయిపోతాయి. ‘స్థితప్రజ్ఞుడు’ కంటికి ఐదు అక్షరాలే, కానీ ఒత్తులూ గుణింతాలూ విడివిడిగా లెక్కకొచ్చి 14 అవుతాయి. ‘శ్రీమద్’ వదిలేయమనడానికి అదొక కారణం. భక్తి తగ్గిందని కమిటీలో ఎవరైనా అంటే, పూర్తి పేరు ప్లేలిస్ట్‌కి పెడదామని చెప్పండి.

టైటిల్ మార్చితే లింకు మారదు. వాట్సాప్ గ్రూపుల్లో ఏళ్ల కిందట పంపుకున్న లింకులు అలాగే పనిచేస్తాయి, వ్యూస్, కామెంట్లు ఎక్కడివక్కడే ఉంటాయి. తీసేసి మళ్లీ అప్‌లోడ్ చేస్తేనే అన్నీ పోతాయి. ఆ పని మాత్రం చేయకండి.

ప్లేలిస్ట్ విషయానికొస్తే, ఒక ఆవృత్తికి ఒక ప్లేలిస్ట్. సెట్టింగ్స్‌లో దాన్ని అఫీషియల్ సిరీస్‌గా పెట్టే వీలుంది. ఒక వీడియో అలాంటి ఒక్క సిరీస్‌లోనే ఉండగలదు, మామూలు ప్లేలిస్టుల్లో ఎన్నిట్లోనైనా ఉండొచ్చు. వరస మాన్యువల్‌గా పెట్టండి. తేదీ ప్రకారం వదిలేస్తే, ఎప్పుడో దొరికిన పాత రికార్డింగ్ ఇప్పుడు ఎక్కించినప్పుడు వెళ్లి చివర కూర్చుంటుంది. పోయిన ఎపిసోడ్ ఉంటే ఆ ఖాళీని అలాగే ఉంచి, ‘02.59-61 రికార్డింగ్ లేదు’ అని డిస్క్రిప్షన్‌లో రాయండి. శ్లోకం నంబరు వాడుతున్నాం కాబట్టి మిగతావి ఏవీ జరపనక్కర్లేదు.

ఇప్పుడు ఒక వీడియోని లోపల విడగొడదాం. పై ఉదాహరణకి చాప్టర్లు ఇలా ఉంటాయి. వీటిని డిస్క్రిప్షన్‌లో రాయాలి:

```
00:00 ధ్యాన శ్లోకాలు
03:20 నిన్న చెప్పినది
09:45 2.54 అర్జునుడి ప్రశ్న
21:10 2.55 కోరికలు వదలడం
38:30 2.56 దుఃఖంలో, సుఖంలో
52:05 2.57 రాగద్వేషాలు
1:04:40 2.58 తాబేలు ఉపమానం
1:19:15 హారతి
```

మొదటి గుర్తు 00:00 అయి తీరాలి, కనీసం మూడు ఉండాలి, సమయం పెరుగుతూ పోవాలి, ఏ చాప్టరూ 10 సెకన్ల కంటే తక్కువ ఉండకూడదు. ఒక్కటి తప్పినా చాప్టర్లు రావు. తప్పిందని యూట్యూబ్ మీకు చెప్పదు కూడా. సేవ్ చేశాక వీడియో తెరిచి, అది ఎంతదాకా నడిచిందో చూపే కింది గీత చూడండి. ముక్కలుగా విడిపోతే పనిచేసినట్టు, ఒకే గీతగా ఉంటే ఎక్కడో తప్పు ఉన్నట్టు. ఎక్కువగా జరిగేది గంట దాటాక 1:04:40 అని రాయాల్సిన చోట 04:40 అని రాయడం. దాంతో వరస వెనక్కి పోతుంది. సమయం అంకెలు 0-9లోనే రాయాలి, తెలుగు అంకెలు వద్దు.

గంటన్నర ప్రవచనం మొత్తం వినక్కర్లేదు. రెండింతల వేగంతో పెట్టండి. వక్త ప్రతి శ్లోకాన్నీ రాగయుక్తంగా చదివి ఆ తర్వాతే అర్థం చెబుతాడు, ఆ రాగం ఎంత వేగంలోనైనా చెవికి తగులుతుంది. గుర్తు శ్లోకం మొదలయ్యే చోట పెట్టండి, అర్థం మొదలయ్యే చోట కాదు. వినేవాడు శ్లోకం చూసుకునే దిగుతాడు.

లైవ్ రికార్డింగులకి ముందు ఇంకో పని. మైకు సర్దుతూ, జనం కూర్చుంటూ ఉన్న మొదటి పది నిమిషాలు కత్తిరించాలనుకుంటే, చాప్టర్లు రాయకముందే కత్తిరించండి. తర్వాత కత్తిరిస్తే రాసిన సమయాలన్నీ ఆ పది నిమిషాలు తప్పుగా చూపిస్తాయి. వీడియో కింది గీత మాత్రం ముక్కలుగానే కనిపిస్తుంది కాబట్టి తప్పు బయటపడదు, నొక్కి చూస్తే గానీ తెలియదు.

వచ్చే పాఠానికి ఇంటిపని: మీ షీట్‌లో ఒకే అధ్యాయం తీసుకోండి. ‘పాత టైటిల్’ పక్కన ‘ఆవృత్తి సంవత్సరం’, ‘అధ్యాయం.శ్లోకం’, ‘కొత్త టైటిల్’ అని మూడు కాలమ్స్ పెట్టి నింపండి. యూట్యూబ్‌లో మాత్రం ఇప్పుడే ఏమీ మార్చకండి. ఒకే వీడియోలో రెండు అధ్యాయాలు కలిసినవి, ప్రశ్నోత్తరాలతో నిండిపోయి శ్లోకమే లేనివి కొన్ని తగులుతాయి. వాటిని ఎర్ర రంగుతో గుర్తు పెట్టి ఉంచండి, 4వ పాఠం వాటి గురించే.