మందు కొట్టిన తేదీ గట్టు మీదే ఉంచండి

రైతు సోదరులకు, అక్కచెల్లెళ్లకు నమస్కారం.

బెండ, వంగ వంటి తోటల్లో మూడు నాలుగు రోజులకోసారి కోత ఉంటుంది. మందు ఎప్పుడు కొట్టామో మరిచిపోయి, గడువు తీరకుండానే కాయలు కోసేస్తుంటాం. దీనికి నేను చెప్పే పద్ధతి ఇది.

ముందు కోతకు వచ్చిన కాయలన్నీ కోసేయండి. ఆ సాయంత్రమే మందు కొట్టండి. కోతకు ముందు ఎన్ని రోజులు ఆగాలో డబ్బా లేబుల్‌పై మీ పంట పేరుకు ఎదురుగా ఉంటుంది. ఒక అట్టముక్కపై మందు పేరు, కొట్టిన తేదీ, కోయదగిన తేదీ రాసి, ప్లాస్టిక్ కవరులో పెట్టి గట్టు మీది కర్రకు కట్టండి. 10వ తేదీ సాయంత్రం కొట్టిన మందుకు గడువు 5 రోజులైతే, 16వ తేదీ ఉదయం కోయండి. మళ్లీ కొడితే లెక్క మళ్లీ మొదలవుతుంది. కూలీలకు కూడా ఆ అట్టను చూపించండి.

లేబుల్‌లో చెప్పిన మోతాదు దాటితే ఈ లెక్క పనికిరాదు. గడువులోపు ముదిరిన కాయలను కోసి పూడ్చేయండి. పశువులకు మాత్రం వేయకండి. కాయలోకి ఇంకిన మందు కడిగినా పోదు.

ఇట్లు,
మీ గ్రామ వ్యవసాయ విస్తరణాధికారి