కొనుగోళ్ల పాలసీలో 'పరస్పర విరుద్ధ ప్రయోజనాల' క్లాజును అమలయ్యేలా తిరగరాయడం ఎలా?

ఉద్యోగి సొంత లాభం సంస్థ లాభంతో ఢీకొనకుండా చూసే ఈ క్లాజు చాలా సంస్థల కొనుగోళ్ల పాలసీలో రెండు వాక్యాలే: "ఉద్యోగులు పరస్పర విరుద్ధ ప్రయోజనాలకు తావివ్వరాదు. అలాంటివి ఉన్నచో వెంటనే యాజమాన్యానికి తెలపాలి, లేనిచో తగు చర్యలు తీసుకోబడును." దీన్ని పట్టుకుని ఒక్క షోకాజ్ నోటీసు ఇచ్చి చూడండి, ఎంత బలహీనమో తెలుస్తుంది. ఎ.ఎల్. కాల్రా కేసులో 1984లోనే సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చింది. నిజాయితీగా ఉండాలన్నట్టు అస్పష్టంగా రాసిన నియమాన్ని తప్పారంటూ శిక్షించడం కుదరదనీ, ఏది దుష్ప్రవర్తనో నియమావళిలో స్పష్టంగా ఉండాలనీ చెప్పింది.

ఒక ప్రైవేటు ఆసుపత్రి అనుకుందాం. స్టోర్స్ మేనేజరు తోడల్లుడికి గ్లవ్స్, సిరంజీలు సరఫరా చేసే ఏజెన్సీ ఉంది. స్పెసిఫికేషన్ రాసింది మేనేజరే, ఆర్డరు వెళ్లింది తోడల్లుడికే. నిలదీస్తే ఆయన మూడు మాటలంటాడు: "తోడల్లుడు కూడా బంధువేనని ఎక్కడ రాశారు? వెంటనే అంటే ఎప్పటిలోగా? అయినా ఎండీ గారికి మాటవరసకు చెప్పానుగా!" కొత్త క్లాజు ఈ మూడు దారులనూ మూసేయాలి.

1. బంధువుల జాబితా రాయండి

కంపెనీల చట్టం 2013లోని నిర్వచనాన్ని యథాతథంగా దించేస్తే పని జరగదు. అందులో భార్యాభర్తలు, తల్లిదండ్రులు, కొడుకు, కోడలు, కూతురు, అల్లుడు, తోబుట్టువులు, అవిభక్త హిందూ కుటుంబ సభ్యులు ఉన్నారు. బావమరిది, తోడల్లుడు, వియ్యంకుడు లేరు. మన దగ్గర ఏజెన్సీలు ఎక్కువగా ఎవరి పేర్ల మీద ఉంటాయో మీకే తెలుసు. కాబట్టి ఈ ముగ్గురితో పాటు తోబుట్టువుల జీవిత భాగస్వాములనూ పేరుపేరునా చేర్చండి. అలాగని "దూరపు బంధువులు, మిత్రులు" అని రాయకండి. హద్దు లేని జాబితా మళ్లీ పాత క్లాజే అవుతుంది.

ప్రయోజనం అంటే ఏమిటో కూడా చెప్పాలి: యాజమాన్యం, భాగస్వామ్యం, ఉద్యోగం, కమీషన్, బాకీ. లిస్టెడ్ కంపెనీలో కొద్దిపాటి షేర్లను మినహాయించవచ్చు. డైరెక్టర్లు తమ ప్రయోజనాన్ని వెల్లడించే విషయంలో అదే చట్టం 184వ సెక్షన్ 2 శాతం దాటిన వాటాను చూస్తుంది, ఆ గీతే మీకూ సరిపోతుంది.

2. ఎప్పుడు, ఎవరికి, ఎలా

గడువు లెక్క ఎక్కడ మొదలవుతుందో రాయడమే ఇక్కడ కీలకం. ఇలా రాయవచ్చు:

"స్పెసిఫికేషన్ తయారీ, కొటేషన్ల పరిశీలన, ఆర్డరు, సరుకు తనిఖీ, బిల్లు ఆమోదాల్లో పాల్గొనే ఉద్యోగి, తనకు లేదా బంధువుకు సప్లయర్‌తో ప్రయోజనం ఉందని తెలిసిన 2 పనిదినాల్లోగా ఫారం-1లో ఇంటర్నల్ ఆడిటర్‌కు తెలపాలి. తెలిసిన క్షణం నుంచి ఆ ఫైలు ముట్టరాదు. ఆడిటర్ తేదీతో రసీదు ఇచ్చి, 3 పనిదినాల్లోగా ఆ పని ఎవరికి అప్పగించాలో రాతపూర్వకంగా చెప్పాలి. నోటిమాట వెల్లడి కాదు."

ఆడిటర్‌కే ప్రయోజనం ఉంటే ఎవరికి చెప్పాలో ఇంకో వాక్యం పెట్టండి.

దీనికన్నా పదునైనది ఇంకొకటి ఉంది. ప్రతి కొనుగోలు ఫైలులో సంతకం పైన "ఈ సప్లయర్లలో ఎవరితోనూ నాకు గానీ, నాకు తెలిసినంతలో నా బంధువులకు గానీ ప్రయోజనం లేదు" అని ఒక లైను అచ్చు వేయించండి. దాంతో మౌనంగా ఉండే వీలు పోతుంది. దాస్తే అది చెప్పకపోవడం కాదు, అబద్ధపు సంతకం. విచారణలో రుజువు చేయడం చాలా తేలిక.

3. ఏ తప్పుకు ఏ శిక్ష

వెల్లడించడం తప్పు కాదని ముందే రాయండి, లేకపోతే ఎవరూ నోరు విప్పరు. తర్వాత మెట్లు: గడువు దాటి, ఆర్డరుకు ముందే చెబితే రాతపూర్వక హెచ్చరిక; చెప్పకుండా ఫైలులో పాల్గొంటే ఒక ఇంక్రిమెంటు నిలుపుదల, కొనుగోలు పనుల నుంచి తొలగింపు; తెలిసి అబద్ధపు సంతకం చేస్తే, లాభం పొందితే ఉద్యోగం నుంచి తొలగింపు వరకు. ఏదైనా సరే ఛార్జిషీటు, సంజాయిషీ, విచారణ తర్వాతే. జీతంలోంచి జరిమానా కోయాలన్న సరదా వద్దు, దానికి చట్టంలో పరిమితులున్నాయి.

సప్లయర్ మీద పాలసీ దానంతటదే పనిచేయదు. టెండర్ పత్రంలోనూ ఆర్డరులోనూ వెల్లడి షరతు ఉండాలి. కేంద్ర ప్రభుత్వ కొనుగోళ్లకు వర్తించే సాధారణ ఆర్థిక నియమాలు, అంటే జీఎఫ్ఆర్ 2017లో 175వ నియమం బిడ్డర్లు విరుద్ధ ప్రయోజనాలు వెల్లడించాలంటుంది. 151వ నియమం ప్రకారం సమగ్రతా నియమావళిని ఉల్లంఘించిన వారిని 2 ఏళ్లకు మించకుండా టెండర్లలో పాల్గొనకుండా నిషేధించవచ్చు. ఆ కొలతే తీసుకోండి. అందుకుని వాడేసిన సరుకుకు డబ్బు ఎగ్గొట్టే వాక్యం మాత్రం పెట్టకండి, ఉచితంగా ఇవ్వని సరుకును వాడుకుంటే విలువ చెల్లించాలనే కాంట్రాక్టు చట్టం 70వ సెక్షన్ అడ్డొస్తుంది.

4. అమల్లోకి తేవడం

కొత్త క్లాజును స్టోర్స్ మేనేజరు ఫైలుకు ఊహలో అన్వయించి చూడండి. తోడల్లుడు జాబితాలో ఉన్నాడు, 2 పనిదినాల గడువుంది, ఎండీకి చెప్పిన మాట చెల్లదు. ఎక్కడైనా "అది పరిస్థితిని బట్టి" అనాల్సి వస్తే ఆ వాక్యాన్ని మళ్లీ రాయండి. ఆ తర్వాత ఈ ఉల్లంఘనలను సర్వీసు నియమాల్లో, స్టాండింగ్ ఆర్డర్లు వర్తించే సంస్థయితే వాటిలోనూ దుష్ప్రవర్తనగా చేర్పించండి. అమలు తేదీ వేసి, ఒక్కొక్కరి దగ్గర అందినట్టు సంతకం తీసుకోండి. ఆ తేదీకి ముందు ముగిసిన ఆర్డర్లకు కొత్త శిక్షలు వర్తించవు. నడుస్తున్న రేటు కాంట్రాక్టులకు మాత్రం 30 రోజుల్లో వెల్లడించమని గడువివ్వండి.